టెండర్ మెయిల్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

ప్రభుత్వ టెండర్లు చాలావరకు ఇప్పుడు పోర్టళ్ల ద్వారానే నడుస్తున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. కేంద్ర ప్రభుత్వ శాఖల కొనుగోళ్లకు జెమ్ పోర్టల్ ఉంది. అక్కడ ఏ కాగితం ఎక్కడ పెట్టాలో పోర్టలే అడుగుతుంది. కానీ ప్రైవేటు ఆసుపత్రులు, విద్యాసంస్థల ట్రస్టులు, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు పిలిచే టెండర్లలో చాలా వాటికి నేటికీ మెయిల్‌లోనే బిడ్ పంపాలి. అక్కడ దారి చూపే పోర్టల్ ఉండదు. ఏ ఫైలులో ఏముందో, ఏ షరతుకు మనం ఒప్పుకున్నామో చెప్పాల్సింది ఆ ఫైళ్లతో పాటు వెళ్లే మెయిలే.

చిన్న తరహా వ్యాపారులు బిడ్ తయారీకి రోజుల తరబడి కష్టపడి, మెయిల్ మాత్రం చివరి పది నిమిషాల్లో రాస్తారు. “సర్, మీ టెండర్‌కు మా బిడ్ జతచేస్తున్నాం, దయచేసి పరిశీలించగలరు” అని ఒక్క వాక్యం రాసి పంపేస్తారు. మరికొందరు ఉత్సాహం కొద్దీ అందులోనే రేటు, డిస్కౌంటు, అడ్వాన్సు సంగతులు కూడా రాసేస్తారు. మొదటివారి మెయిల్ వల్ల కమిటీకి పని పెరుగుతుంది. రెండోవారి మెయిల్ వల్ల బిడ్డే పోవచ్చు. కారణం ఒకటే. మెయిల్‌లో రాసిన ప్రతి మాటా బిడ్‌లో భాగమే అవుతుంది.

చట్టం చూసినా అంతే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం ఆ కారణంగా చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం, 2000లోని సెక్షన్ 10ఎ చెబుతోంది. బాక్సైట్ సరఫరాకు సంబంధించిన ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో సుప్రీంకోర్టు 2010లో తీర్పు ఇస్తూ, లాంఛనంగా ఒప్పంద పత్రం మీద సంతకాలు కాకపోయినా, రెండు పక్షాల మెయిళ్లను బట్టే ఒప్పందం కుదిరినట్టని తేల్చింది. కాబట్టి బిడ్ వెంట వెళ్లే మెయిల్‌ను మర్యాద కోసం రాసే ఉత్తరంగా చూడకూడదు.

ఒక ఉదాహరణ

విషయం స్పష్టంగా తెలియడానికి ఒక ఊహాత్మక టెండర్ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఒక విద్యాసంస్థల ట్రస్టు తన హాస్టల్ కోసం 120 రెండంతస్తుల ఇనుప మంచాలు కావాలని టెండర్ పిలిచింది. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న ఫర్నిచర్ తయారీదారు బిడ్ వేయాలనుకున్నాడు. టెండర్ షరతులు ఇవి. ఫ్రేముకు 1.6 మిల్లీమీటర్ల మందం పైపు వాడాలి. ఆర్డర్ ఇచ్చిన 45 రోజుల్లో సరుకు అందించి బిగించాలి. మూడేళ్ల వారంటీ ఇవ్వాలి. కోట్ చేసిన ధర 90 రోజులు నిలబడాలి. సరుకు అందాక 70 శాతం, బిగింపు పూర్తయ్యాక 30 శాతం చెల్లిస్తారు. ఈఎండీ 50 వేల రూపాయలు. టెక్నికల్ బిడ్, ప్రైస్ బిడ్ వేర్వేరు ఫైళ్లుగా ఉండాలి. ప్రైస్ బిడ్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి, అడిగినప్పుడే ఆ పాస్‌వర్డ్ చెప్పాలి. ఒక్కో మెయిల్ 10 ఎంబీ దాటకూడదు. గడువు 20వ తేదీ మధ్యాహ్నం 3 గంటలు.

మన తయారీదారుకు ఒకే ఒక్క చిక్కు ఉంది. పౌడర్ కోటింగ్ బయట చేయిస్తాడు కాబట్టి 45 రోజుల్లో 80 మంచాలు మాత్రమే ఇవ్వగలడు. మిగతా 40 మంచాలకు 60 రోజులు పడుతుంది. డెలివరీలో తేడా ఉంటే ముందే రాతపూర్వకంగా చెప్పవచ్చని, కమిటీ పరిశీలిస్తుందని టెండర్‌లో ఉంది. అతను పంపాల్సిన మెయిల్ ఎలా ఉండాలో చూద్దాం. టెండర్ ఇంగ్లిష్‌లో ఉంటే మెయిల్ కూడా ఇంగ్లిష్‌లోనే రాయాలి. ఇక్కడ పాఠకుల కోసం తెలుగులో ఇస్తున్నాం.

> విషయం: టెండర్ నం. 07 – 120 హాస్టల్ మంచాల సరఫరా – (సంస్థ పేరు) బిడ్ – గడువు 20వ తేదీ, మ. 3 గం.
>
> పర్చేజ్ మేనేజర్ గారికి,
>
> పై టెండర్‌కు మా బిడ్‌ను పంపుతున్నాం. ఈ మెయిల్‌తో ఐదు ఫైళ్లు, మొత్తం 58 పేజీలు ఉన్నాయి.
>
> 1. `01_Technical_Bid.pdf` – ప్రతి పేజీ మీద సంతకం, స్టాంపు వేసిన టెండర్ పత్రం, మంచం డ్రాయింగ్ (38 పేజీలు)
> 2. `02_Compliance_Statement.pdf` – షరతుల వారీగా మా సమాధానం (3 పేజీలు)
> 3. `03_Certificates.pdf` – జీఎస్టీ, పాన్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, మూడు పాత వర్క్ ఆర్డర్లు, పైపు తయారీదారు టెస్ట్ సర్టిఫికెట్ (14 పేజీలు)
> 4. `04_EMD_Receipt.pdf` – ఈఎండీ 50 వేల రూపాయల చెల్లింపు రసీదు, యూటీఆర్ నంబర్‌తో (1 పేజీ)
> 5. `05_Price_Bid.pdf` – పాస్‌వర్డ్ పెట్టిన ప్రైస్ బిడ్ (2 పేజీలు)
>
> ముఖ్యమైన షరతులపై మా సమాధానం:
> – పైపు మందం 1.6 మి.మీ.: ఒప్పుకుంటున్నాం. ఆధారం ఫైల్ 3, 13వ పేజీ.
> – వారంటీ 3 ఏళ్లు: ఒప్పుకుంటున్నాం.
> – ధర నిలిచే గడువు 90 రోజులు: ఒప్పుకుంటున్నాం.
> – చెల్లింపు 70, 30 శాతం: ఒప్పుకుంటున్నాం.
> – డెలివరీ 45 రోజులు: తేడా ఉంది. 80 మంచాలు 45 రోజుల్లో, మిగతా 40 మంచాలు 60 రోజుల్లో ఇస్తాం. వివరం ఫైల్ 2, 2వ పేజీ.
>
> ఇది తప్ప మా బిడ్‌లో ఇంకే తేడా లేదు. ఐదు ఫైళ్లూ అంది, తెరుచుకుంటున్నాయని ఒక్క మాట తెలియజేయగలరు.
>
> (పేరు, హోదా, సంస్థ, ఫోన్ నంబర్)

ఇంతే. ఇందులో పొగడ్త లేదు, సంస్థ చరిత్ర లేదు. తెరిచే మనిషికి ఒక్క నిమిషంలో మూడు సంగతులు తెలుస్తాయి. ఇది ఏ టెండర్‌కు వచ్చింది, ఇందులో ఏమేమి ఉన్నాయి, షరతుల్లో ఎక్కడ తేడా ఉంది. ఇప్పుడు ఒక్కో భాగం అలా ఎందుకు ఉందో చూద్దాం.

ఫైళ్ల జాబితా ఎందుకు?

బిడ్లు తెరిచే రోజున కమిటీ ఒక పట్టిక నింపుతుంది. ఎవరి నుంచి ఏయే పత్రాలు వచ్చాయి, ఏవి రాలేదు అన్నదే ఆ పట్టిక. మెయిల్‌లో నంబర్లతో, పేజీల సంఖ్యతో జాబితా ఉంటే ఆ పట్టిక చకచకా నిండుతుంది. తర్వాత ఎవరైనా “ఈఎండీ రసీదు లేదు” అంటే, నాలుగో ఫైలుగా పంపామని చూపడానికి మనకూ ఆధారం ఉంటుంది. జాబితాలోని పేరు, జతచేసిన ఫైలు పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. `scan0045.pdf`, `final_final2.pdf` లాంటి పేర్లతో వెళ్లిన ఫైళ్లలో ఏది ఏదో తేల్చుకోవడానికి కమిటీ ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. ఆ తొందరలో ఒక పత్రం కంటపడకపోతే నష్టం మనకే.

ఇక ఫైళ్ల బరువు. మన ఉదాహరణలో ఐదు ఫైళ్లూ కలిపి 8.4 ఎంబీ ఉన్నాయనుకుందాం. పరిమితి 10 ఎంబీ కాబట్టి సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ మెయిల్‌కు జతచేసిన ఫైలు ప్రయాణానికి అనువుగా అక్షరాల రూపంలోకి మారుతుంది. అప్పుడు మూడు బైట్లు ఉన్నచోట నాలుగు అవుతాయి. అంటే 8.4 ఎంబీ కాస్తా 11.2 ఎంబీ అవుతుంది. అవతలి సర్వర్‌లో 10 ఎంబీ పరిమితి పెట్టి ఉంటే మెయిల్ తిరిగి వచ్చేస్తుంది. తిరిగి వచ్చిన సందేశంలో `552` అనే నంబర్ గానీ, సైజు ఎక్కువైందన్న మాట గానీ కనబడితే కారణం ఇదే. అందుకే పరిమితిలో 70 శాతం దాటకుండా చూసుకోవడం క్షేమం.

దీనికి విరుగుడు కూడా తేలికే. కాగితాలను 300 డీపీఐ రంగుల్లో స్కాన్ చేసే బదులు 200 డీపీఐ గ్రే రంగులో స్కాన్ చేస్తే సరి. చుక్కల సంఖ్య సగానికన్నా తగ్గిపోతుంది, సంతకం, స్టాంపు మాత్రం చక్కగా కనబడతాయి. అప్పటికీ తగ్గకపోతే, టెండర్ ఒప్పుకుంటేనే రెండు మెయిళ్లుగా పంపి, విషయం వరుసలో “1/2”, “2/2” అని రాయాలి. ఫైలు పెద్దదైతే కొన్ని మెయిల్ సర్వీసులు దాన్ని డ్రైవ్ లింకుగా మార్చేస్తాయి. గడువు దాటాక కూడా లింకు వెనుక ఉన్న ఫైలును మార్చే వీలుంటుంది కాబట్టి చాలా కమిటీలు లింకులను లెక్కలోకి తీసుకోవు. పంపే ముందు జతచేసినవి ఫైళ్లేనా, లింకులా అన్నది చూసుకోవాలి.

“అన్ని షరతులకూ ఒప్పుకుంటున్నాం” అంటే చాలదా?

ఈ ఒక్క వాక్యం చాలామందికి సురక్షితంగా అనిపిస్తుంది. నిజానికి చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. మన తయారీదారు అలా రాసి, 60 రోజుల డెలివరీ సంగతి 38 పేజీల ఫైలులో ఎక్కడో రాశాడనుకుందాం. ఇప్పుడు బిడ్‌లో రెండు మాటలున్నాయి. కమిటీ దీన్ని దాచిన తేడాగా భావించి బిడ్ పక్కన పెట్టవచ్చు. లేదా మెయిల్‌లోని మాటే పట్టుకుని, ఆర్డర్ ఇచ్చాక 45 రోజులు దాటిన ప్రతి వారానికీ జరిమానా వేయవచ్చు. రెండూ అతనికి నష్టమే.

అందుకే ముఖ్యమైన షరతులు నాలుగైదు మెయిల్‌లో, మిగతావన్నీ కంప్లయన్స్ స్టేట్‌మెంట్‌లో విడివిడిగా చెప్పాలి. ఆ స్టేట్‌మెంట్‌లో నాలుగు గడులు ఉంటే చాలు. టెండర్‌లోని క్లాజు నంబర్, వాళ్లు అడిగింది, మన సమాధానం, ఆధారం ఉన్న పేజీ. సమాధానం గడిలో “ఒప్పుకుంటున్నాం” లేదా “తేడా ఉంది” అన్న రెండు మాటలే ఉండాలి. “గమనించాం”, “చర్చించుకుందాం”, “మా పద్ధతి ప్రకారం” లాంటి మాటలు ఒప్పుకున్నట్టూ కావు, కాదన్నట్టూ కావు. కమిటీ వాటిని తేడాగానే లెక్కిస్తుంది.

ఒప్పుకుంటున్నామని రాసిన ప్రతి చోటా ఆధారం అదే మాట చెబుతోందో లేదో చూడాలి. బిడ్లలో ఎక్కువగా దొరికిపోయే తప్పు ఇదే. మన తయారీదారు 1.6 మిల్లీమీటర్ల పైపుకు ఒప్పుకున్నాడు. కానీ అలవాటుగా తన రంగుల బ్రోచర్ కూడా జతచేశాడనుకోండి. అందులో మామూలు మోడల్ మంచానికి పైపు మందం 1.2 మిల్లీమీటర్లు అని అచ్చయి ఉంటుంది. వారంటీ ఏడాది అని ఉంటుంది. మెయిల్ ఒకటి చెబుతుంది, బ్రోచర్ ఇంకొకటి చెబుతుంది. టెండర్ అడగని కాగితం ఏదీ జతచేయకపోవడం మేలు. తప్పనిసరై పెట్టాల్సి వస్తే, ఈ టెండర్‌కు ఇస్తున్న మంచం డ్రాయింగ్ ఏ పేజీలో ఉందో చూపి, బ్రోచర్‌లోని కొలతలు దీనికి వర్తించవని రాయాలి.

తేడాను చెప్పడానికి భయపడనక్కర్లేదు, కానీ చెప్పే వీలుందో లేదో ముందు తెలుసుకోవాలి. “ఏ తేడాకూ ఒప్పుకోం” అని టెండర్‌లో ఉంటే, బిడ్‌తో పాటు తేడా రాయడమంటే బిడ్‌ను మనమే తిరస్కరించుకోవడం. అలాంటప్పుడు ప్రశ్నలు పంపడానికి ఇచ్చిన తేదీలోగానే, “డెలివరీని రెండు విడతలుగా ఒప్పుకుంటారా” అని రాతలో అడగాలి. వాళ్లు ఒప్పుకుంటే ఆ సవరణ అందరికీ వర్తిస్తుంది. ఒప్పుకోకపోతే 45 రోజుల్లో ఇచ్చే దారి వెతుక్కోవాలి, లేదా ఆ టెండర్ వదిలేయాలి.

ఏ షరతు తప్పితే బిడ్ పోతుంది, ఏది తప్పినా నిలుస్తుంది అన్న ప్రశ్న కోర్టులకూ వెళ్లింది. ప్రభుత్వ సంస్థల టెండర్లలో తప్పనిసరి షరతులు వేరు, వాటికి తోడ్పడే చిన్న షరతులు వేరు అని సుప్రీంకోర్టు 1991లో పొద్దార్ స్టీల్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. ఆ టెండర్‌లో ఈఎండీని నగదుగా గానీ, స్టేట్ బ్యాంకు డీడీ రూపంలో గానీ ఇవ్వాలి. గెలిచిన బిడ్డర్ యూనియన్ బ్యాంకు చెక్కు ఇచ్చాడు. డబ్బుకు భద్రత ఉంది కాబట్టి ఆ తేడాను మన్నించవచ్చని కోర్టు అంది. అయితే అది గొడవ ముదిరి కోర్టు దాకా వెళ్లాక దొరికిన ఊరట. పైగా ప్రైవేటు ట్రస్టు తన టెండర్‌లో తన ఇష్టప్రకారం నిర్ణయించుకునే వీలు చాలా ఎక్కువ. కాబట్టి ఈ తీర్పును నమ్ముకుని ఏ షరతునూ తేలిగ్గా తీసుకోకూడదు.

ఈఎండీ విషయంలోనే మరో పొరపాటు తరచుగా జరుగుతుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఈఎండీ మినహాయింపు ఉంది. దాన్ని గుర్తుపెట్టుకుని ప్రైవేటు టెండర్‌లో కూడా “మాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి ఈఎండీ వర్తించదు” అని మెయిల్‌లో రాసేస్తారు. టెండర్‌లో ఆ మినహాయింపు రాసి ఉంటేనే అది దొరుకుతుంది. లేకపోతే డబ్బు కట్టి రసీదు జతచేయాల్సిందే.

మెయిల్‌లో రాయకూడనివి

మొదటిది ధర. రెండు కవర్ల పద్ధతిలో ముందు టెక్నికల్ బిడ్ చూస్తారు. అందులో నెగ్గినవారి ప్రైస్ బిడ్లు మాత్రమే తర్వాత తెరుస్తారు. మెయిల్‌లో ధర గానీ, “ఐదు శాతం తగ్గింపు ఇస్తాం” అన్న మాట గానీ ఉంటే, ధర ముందే బయటపడినట్టు లెక్క. ఆ ఒక్క కారణంతో బిడ్ తిరస్కరిస్తామని ఇలాంటి చాలా టెండర్లు ముందే చెబుతాయి. ప్రైస్ బిడ్ పాస్‌వర్డ్‌ను కూడా అదే మెయిల్‌లో రాయకూడదు. అడిగినప్పుడే, అడిగిన చిరునామాకే పంపాలి. అందాకా పాస్‌వర్డ్‌ను ఇద్దరు మనుషుల దగ్గర భద్రంగా ఉంచుకోవాలి. పాస్‌వర్డ్ మరిచిపోతే తెరవలేని ప్రైస్ బిడ్ లేనట్టే.

రెండోది కొత్త షరతులు. ఇవి మనం రాయకపోయినా చేరిపోతుంటాయి. చాలా సంస్థల లెటర్‌హెడ్ కింద “50 శాతం అడ్వాన్స్”, “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు”, “వివాదాలు విజయవాడ కోర్టుల పరిధిలోనే” అని చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. రోజువారీ కొటేషన్లకు అది పనికొస్తుంది. టెండర్ బిడ్ అదే లెటర్‌హెడ్ మీద వెళితే, 70, 30 శాతం చెల్లింపుకు ఒప్పుకున్న మనమే కింద 50 శాతం అడ్వాన్స్ అడిగినట్టవుతుంది. మెయిల్ చివర దానంతట అదే చేరే హెచ్చరికలూ ఇలాంటివే. “ఈ మెయిల్‌లోని విషయాలకు సంస్థ కట్టుబడి ఉండదు” అని కింద ఉంటే, పైన 90 రోజులు ధర నిలబెడతామన్న మాటకు విలువ ఏముంటుంది? టెండర్ మెయిల్‌కు ఆ సిగ్నేచర్ తీసేసి, లెటర్‌హెడ్ కింద ఖాళీగా ఉన్న కాగితం వాడాలి.

మూడోది “ఫోన్‌లో మాట్లాడుకున్నట్టుగా” అన్న మాట. ట్రస్టు ఉద్యోగి ఫోన్‌లో ఏం చెప్పినా, రాతలో సవరణ రానంతవరకు అది టెండర్‌లో లేనట్టే. పైగా ఒక బిడ్డర్‌తో విడిగా మాట్లాడారన్న అనుమానం కమిటీలో తలెత్తుతుంది.

పంపేటప్పుడు

మెయిల్ ఎప్పుడు అందినట్టు? అందుకునేవారు ఒక మెయిల్ చిరునామాను ఖరారు చేసి చెప్పి ఉంటే, వేరే ఒప్పందం లేనంతవరకు, ఆ చిరునామాకు చేరిన క్షణమే అందినట్టని సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 13 చెబుతోంది. మన కంప్యూటర్‌లో 2.58కి “పంపబడింది” అని కనబడినంత మాత్రాన చాలదు. పెద్ద ఫైళ్లున్న మెయిల్ చేరడానికి, వైరస్ తనిఖీ పూర్తవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. తెలిసిన ఉద్యోగి సొంత చిరునామాకు పంపినా లెక్కలోకి రాదు. టెండర్‌లో రాసిన చిరునామానే వాడాలి. ముందు రోజే పంపి, తిరిగి వచ్చిందేమో చూసుకుని, అందినట్టు జవాబు రాకపోతే ఫోన్ చేసి అడగడం సరైన పద్ధతి.

పాత మెయిల్‌ను ఫార్వర్డ్ చేయకూడదు. కింద వేరే కస్టమర్‌కు ఇచ్చిన రేట్లు ఉండిపోవచ్చు. కొత్త మెయిల్ తెరిచి, ముందు ఫైళ్లు జతచేసి, తర్వాత విషయం రాసి, చిరునామా చివర్లో పెట్టాలి. అలా చేస్తే సగంలో ఉన్న మెయిల్ పొరపాటున వెళ్లదు. పంపాక తప్పు కనబడితే, గడువులోగా అన్ని ఫైళ్లతో కొత్త మెయిల్ పంపి, మొదటి వాక్యంలోనే “ఈ రోజు ఫలానా సమయానికి పంపిన మా బిడ్‌ను వెనక్కి తీసుకుంటున్నాం, ఇదే మా చివరి బిడ్” అని రాయాలి. మార్చిన ఒక్క ఫైలే పంపితే ఏది పాతది, ఏది కొత్తది అన్న గందరగోళం మిగులుతుంది.

చివరగా బిడ్ వేసే చిన్న వ్యాపారులకు ఒక మాట. మెయిల్‌ను బిడ్ తయారీలో చివరి పనిగా కాకుండా మొదటి పనిగా పెట్టుకోండి. టెండర్ చేతికి రాగానే ఫైళ్ల జాబితా, షరతుల జాబితా మెయిల్ రూపంలోనే రాసుకుని, ఒక్కో కాగితం సిద్ధమైన కొద్దీ దాని పేజీల సంఖ్య నింపండి. నిండని వరుస ఉంటే బిడ్‌లో ఏం లోటుందో గడువుకు ముందే మీకు తెలుస్తుంది. గడువు దాటాక తెలిసినా సరిదిద్దుకునే వీలుండదు.